షాపు పేరు మారుస్తున్నారా? అదే అకౌంట్‌లో మార్చాలా, కొత్తది తెరవాలా, సగమే మార్చాలా

మా వదిన విజయవాడలో ఇంటి ముందు గదిలో చీరల షాపు నడుపుతుంది, సగం పైన అమ్మకాలు ఇన్‌స్టాలోనూ వాట్సాప్‌లోనూ జరుగుతాయి. అసలు పేర్లు ఇక్కడ చెప్పను, పాత పేరు సిరి సారీస్ అనీ కొత్త పేరు సిరివాకిలి అనీ అనుకోండి. మంగళగిరి, వెంకటగిరి చీరలతో మొదలైంది, తర్వాత పిల్లల పట్టు లంగాలు, మగవాళ్ల కుర్తాలు కూడా పెట్టింది, అప్పట్నుంచి "సారీస్ అని ఉందిగా, కుర్తాలు కూడా ఉంటాయా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సరే పేరు మారుద్దాం అనుకున్నాక అసలు తలనొప్పి మొదలైంది, ఇన్‌స్టాలో 11 వేల పైచిలుకు ఫాలోవర్స్, ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు, వీటన్నిటినీ ఏం చెయ్యాలి అని.

మీకు ఉన్న దారులు మూడే. ఒకటి, ఉన్న అకౌంట్‌లోనే పేరూ, @ తర్వాత వచ్చే హ్యాండిలూ మార్చేయడం. రెండు, కొత్త అకౌంట్ తెరిచి జనాన్ని అక్కడికి తెచ్చుకోవడం. మూడు, హ్యాండిల్ పాతదే ఉంచి ప్రొఫైల్‌లో కనిపించే పేరు ఒక్కటి మార్చడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, పదిలో ఎనిమిది షాపులకి మొదటిదే కరెక్ట్, మిగతా రెండూ ఎప్పుడు పనికొస్తాయో కూడా చెప్తా.

కొత్త అకౌంట్ మీద ఎందుకంత మోజు

చాలామంది ఫ్రెష్‌గా మొదలెడదాం అని కొత్త అకౌంట్ తెరుస్తారు. ఇన్‌స్టాలో ఒక అకౌంట్ ఫాలోవర్స్‌ని ఇంకో అకౌంట్‌కి మార్చే బటన్ లేదు, ప్రతి మనిషీ తనంతట తాను వచ్చి ఫాలో కొట్టాల్సిందే. హనుమకొండలో మాకు తెలిసినావిడ ఇలాగే చేసింది, పాత దాంట్లో 8 వేల మంది ఉంటే నాలుగు నెలల తర్వాత కొత్త దాంట్లోకి వచ్చింది 1,900 మంది. రానివాళ్లకి ఆవిడ మీద కోపమేం లేదు, పాత అకౌంట్లో "ఇక్కడికి రండి" అని పెట్టిన పోస్టే వాళ్లలో చాలామందికి కనపడలేదు, ఎందుకంటే మనం పెట్టే ప్రతి పోస్టూ ఫాలోవర్స్ అందరికీ వెళ్లదు కదా. పైగా ఆన్‌లైన్‌లో చీర కొనేవాళ్లు ముందు చూసేది పాత పోస్టులు, వాటి కింద కామెంట్లు, కట్టుకుని ఫోటో పంపినవాళ్ల హైలైట్లు, అడ్వాన్స్ కట్టే ధైర్యం అక్కడే వస్తుంది. కొత్త అకౌంట్లో అదంతా సున్నా, 40 పోస్టులున్న పేజీకి ఆరు వేలు ముందే పంపడానికి ఎవరైనా జంకుతారు.

కానీ కొత్త అకౌంటే సరైనది అనిపించే సందర్భాలు ఉన్నాయి. పార్ట్‌నర్లు విడిపోయినప్పుడు, పాత పేరు ఎవరిదో తేలనప్పుడు. వ్యాపారమే పూర్తిగా మారిపోయినప్పుడు కూడా, మొబైల్ రిపేర్ పేజీని కేకుల పేజీగా మారిస్తే ఆ ఫాలోవర్స్ ఉన్నా ఒకటే పోయినా ఒకటే, ఫేస్‌బుక్ అయితే అలాంటి మార్పు జనాన్ని తప్పుదోవ పట్టించేలా ఉందని రిజెక్ట్ కూడా చెయ్యొచ్చు. ఇంకోటి బాగా కామన్, పేజీ ఎప్పుడో షాపులో పని మానేసిన కుర్రాడి పర్సనల్ ఐడీ మీద క్రియేట్ చేసి ఉంటుంది, ఫుల్ కంట్రోల్ అతని దగ్గరే ఉంటుంది, ఇప్పుడతను ఫోన్ ఎత్తడు. అందుకే పేరు సంగతి ఆలోచించే ముందే పేజీ సెట్టింగ్స్‌లో యాక్సెస్ ఎవరెవరికి ఉందో చూసుకోండి, అది మీ చేతిలో లేకపోతే మిగతా ప్లానంతా వేస్ట్.

కొత్తదే తప్పదు అనుకుంటే పాతదాన్ని మాత్రం వెంటనే మూసెయ్యకండి. ఇన్‌స్టాలో కొలాబ్ పోస్ట్ అని ఉంది కదా, కొత్త అకౌంట్‌లో పోస్ట్ పెట్టి పాత అకౌంట్‌ని కొలాబరేటర్‌గా పిలిస్తే, అక్కడ యాక్సెప్ట్ చేశాక ఆ ఒక్క పోస్టే రెండు ప్రొఫైల్స్‌లోనూ కనిపిస్తుంది, పాత ఫాలోవర్స్ ఫీడ్‌లోకీ వెళ్తుంది, లైకులూ కామెంట్లూ ఒకే చోట పడతాయి. ఆరు నెలలైనా ఇలా నడపండి. "మారిపోయాం రండి" అని పది పోస్టులు పెట్టే కన్నా కొత్త స్టాక్ చీరలు పది ఇలా కొలాబ్‌లో పెట్టడమే బాగా పనిచేస్తుంది, జనం వచ్చేది చీర కోసం కదా.

హ్యాండిల్ వదిలేసి పేరు మాత్రమే మారిస్తే?

ఇది చూడ్డానికి సేఫ్, ఏ లింకూ చెడదు, కవర్ల మీద ప్రింట్ చేసిన హ్యాండిల్ అలాగే పనిచేస్తుంది. కంపెనీ పేరు మారినా జనం వాడే పేరు మారనప్పుడు ఇదే మంచిది, జొమాటో వాళ్లు 2025లో కంపెనీ పేరు ఎటర్నల్ అని మార్చుకున్నా మనం అన్నం ఆర్డర్ చేసే యాప్ జొమాటోగానే ఉంది చూడండి. కానీ చిన్న షాపుకి ఈ దారిలో ఒక చిక్కుంది. ఇన్‌స్టా ఫీడ్‌లో మీ పోస్ట్ పైన కనిపించేది హ్యాండిలే, మీరు పెట్టుకున్న పేరు కాదు, అది ప్రొఫైల్‌లోకి వెళ్తేనో సెర్చ్ చేస్తేనో కనపడుతుంది. అంటే మీరు పేరు మార్చినట్టు రోజూ చూసేవాళ్లకి తెలియనే తెలియదు, కొత్తగా వచ్చినవాళ్లకేమో బోర్డు మీద ఒక పేరు, హ్యాండిల్‌లో ఇంకో పేరు కనపడి డౌటొస్తుంది. ఇంట్లో ఓ వెయ్యి ప్రింటెడ్ కవర్లు ఉన్నాయి, అవి అయ్యేదాకా ఆగుదాం అనుకుంటే ఓకే, మూడు నెలలు అలా నడపొచ్చు, శాశ్వతంగా మాత్రం వద్దు.

అదే అకౌంట్‌లో మార్చడం, మేం చేసిన తీరు

ఇందులో ఉన్న భయం ఒక్కటే, పేరు మారగానే జనం అన్‌ఫాలో కొడతారేమో అని. ఎందుకు కొడతారో అర్థమైతే సగం పని అయిపోయినట్టే. స్క్రోల్ చేసేవాడికి కనపడేది హ్యాండిల్, పక్కన చిన్న గుండ్రటి ఫోటో, అంతే. ఆ రెండూ ఒకే రోజు మారిపోతే "ఇదెవరు, నేనెప్పుడు ఫాలో అయ్యాను" అనుకుని తీసేస్తాడు, మీ మీద అయిష్టంతో కాదు, గుర్తుపట్టక. కాబట్టి రెండిట్లో ఒకటి ఎప్పుడూ తెలిసిన మొహంలా ఉండాలి. హ్యాండిల్ మార్చిన రోజు లోగో ముట్టుకోకండి, మూడు వారాల తర్వాత లోగో మార్చండి, అది కూడా రంగు అదే ఉంచితే ఇంకా మంచిది. 2007లో హచ్ వొడాఫోన్‌గా మారినప్పటి యాడ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది, గులాబీ రంగు ఎరుపైంది, పేరు మారింది, కానీ ఆ బుల్లి కుక్క అలాగే ఉంది, పాత గూట్లోంచి వెళ్లి కొత్త ఎర్ర గూట్లో కూర్చుంది. మా వదినకి కుక్క లేదు కానీ గోరింటాకు రంగు గుండ్రం మధ్యలో తెల్ల ముగ్గు ఉన్న లోగో ఉంది, ఆ ముగ్గుని అలాగే ఉంచేశాం.

ముందు స్పెల్లింగ్ తేల్చుకోండి, మన తెలుగు పేర్లకి ఇదే పెద్ద గండం. శ్రీ అంటే ఒకరు `sri` అని, ఒకరు `sree` అని, ఇంకొకరు `shri` అని కొడతారు, లక్ష్మికి `lakshmi`, `laxmi` రెండూ ఉన్నాయి. మేం సిరివాకిలి అని ఫోన్లో నలుగురు చుట్టాలకి చెప్పి, ఇంగ్లీషులో టైప్ చేసి పంపండి అన్నాం, ముగ్గురు `sirivakili` అని పంపారు, పిన్ని మాత్రం `sirivaakili` అని పంపింది. మొదటిదే తీసుకున్నాం. వదినకి `vaakili` అని ఉంటేనే పలకడం కరెక్ట్‌గా వస్తుందని ఉండేది, కానీ వెతికేవాళ్ల వేలు ఎటు పోతుందో అదే చూడాలి. అదే రోజు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ కూడా చేసుకోండి, అది ఫ్రీ, బట్టలకి క్లాస్ 24, 25, షాపులకి 35, ఇంకెవరిదో రిజిస్టర్డ్ పేరు పెట్టుకుంటే రేపు నోటీసొచ్చి మళ్లీ మార్చాల్సొస్తుంది.

రెండోది, హ్యాండిల్ మన చేతికి వచ్చేదాకా కొత్త పేరు బయటికి చెప్పకూడదు. ఉత్సాహం కొద్దీ "మా కొత్త పేరు ఇదీ" అని స్టోరీ పెట్టేస్తారు, అది చూసి ఎవడో పది నిమిషాల్లో ఆ హ్యాండిల్ తీసేసుకుంటాడు. మరి వేరే మెయిల్‌తో ఒక ఖాళీ అకౌంట్ తెరిచి ముందే దాచుకోవచ్చుగా అంటారా, దాచుకోవచ్చు, కాకపోతే అక్కడ వదిలించిన హ్యాండిల్ ఇక్కడ వెంటనే దొరుకుతుందని గ్యారంటీ లేదు, కొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు, ఆ ఖాళీ అకౌంట్‌ని డిలీట్ చేస్తే అసలు దొరక్కుండానే పోవచ్చు. పేరు మీరు కల్పించుకున్న మాటైతే దాచే పని పెట్టుకోకండి, నోరు మూసుకుని నేరుగా మెయిన్ అకౌంట్‌కే పెట్టేయండి. మేం అలాగే చేశాం.

వారం ముందు పెట్టిన పోస్ట్‌లో కొత్త పేరు లేదు, విషయం మాత్రమే ఉంది. వదిన తనే షాపులో నిలబడి వీడియోలో చెప్పింది, వచ్చే శుక్రవారం మన షాపు పేరు మారుతోంది, మనుషులం మేమే, షాపు ఇదే, వాట్సాప్ నంబరు ఇదే అని. దాన్ని ప్రొఫైల్‌లో పైన పిన్ చేశాం. లోగో పోస్టరు కన్నా మనిషి మొహం ఉన్న వీడియో మంచిది, పాత కస్టమర్లకి ఆవిడ మొహమే గుర్తు. యాడ్స్ ఏమైనా నడుస్తుంటే అవి ఈ వారంలో అయిపోయేలా చూసుకోండి.

శుక్రవారం పొద్దున్నే హ్యాండిల్ `siri_sarees_vja` నుంచి `sirivakili` అయింది. పేరు ఉండే చోట `Sirivakili | Siri Sarees` అని రెండూ పెట్టాం, అక్కడ 64 అక్షరాల దాకా పడతాయి, సెర్చ్‌లో పాత పేరు కొట్టినా మనం వస్తాం. ఆ పేరుని 14 రోజుల్లో రెండు సార్లే మార్చనిస్తుంది కాబట్టి ఊరికే ప్రయోగాలు చెయ్యకండి. బయోలో మొదటి లైనే "ఇంతకుముందు సిరి సారీస్". వెంటనే కొత్త పేరు పోస్టు పెట్టి పాత వీడియో పక్కన పిన్ చేశాం.

ఇక్కడ అందరూ మర్చిపోయేది పాత హ్యాండిల్ గతి. మార్చిన తర్వాత `instagram.com/siri_sarees_vja` అనే లింకు ఇక జనాన్ని మన దగ్గరికి తీసుకురాదు. కస్టమర్లు ఫోటోలో మనల్ని ట్యాగ్ చేసి ఉంటే అది అకౌంట్‌కే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, కానీ కాప్షన్లో, కామెంట్లో రాసిన `@siri_sarees_vja` మాత్రం మారదు. ఆ పాత హ్యాండిల్‌ని ఇంకెవరైనా తీసుకుంటే ఆ మెన్షన్లన్నీ వాడి దగ్గరికి వెళ్తాయి. వాడు మన చీరల ఫోటోలే పెట్టి, "ఆఫర్ ఉంది, సగం అడ్వాన్స్ కొట్టండి" అని మన కస్టమర్లకే మెసేజ్ చేస్తే నమ్మేస్తారు, ఎందుకంటే వాళ్లకి గుర్తున్న పేరు అదే. అందుకే వేరే అకౌంట్‌తో పాత హ్యాండిల్ మనమే తీసుకోవాలి. చాలావరకు మనం మనసు మార్చుకుని వెనక్కి వెళ్లడానికి 14 రోజులు టైముంటుంది, ఆ లోపల వేరే అకౌంట్‌కి ఇవ్వకపోవచ్చు, మాకు మొదటి రోజు "దొరకదు" అనే వచ్చింది, రోజూ ట్రై చేస్తూ పోతే మూడో వారంలో దొరికింది. అందులో అదే లోగో, ఒకే ఒక్క పోస్టు, "మేం ఇప్పుడు @sirivakili లో ఉన్నాం, ఈ అకౌంట్ నుంచి డబ్బులు అడగం" అని. అప్పుడప్పుడూ లాగిన్ అవుతూ ఉండండి, వాడకుండా వదిలేస్తే పోయే ప్రమాదం ఉంది.

ఫేస్‌బుక్, యూట్యూబ్, గూగుల్

ఫేస్‌బుక్ పేజీ పేరు మార్చమని అడిగితే రివ్యూకి వెళ్తుంది, మూడు రోజుల దాకా పట్టొచ్చు, మారిన తర్వాత వారం రోజులు మళ్లీ మార్చలేం, అందుకే స్పెల్లింగ్ రెండు సార్లు చూసుకుని కొట్టండి. ఫాలోవర్స్‌కి పేరు మారినట్టు నోటిఫికేషన్ కూడా వెళ్లొచ్చు, అది మనకి మేలే. కొత్త పేజీ తెరిచి తర్వాత రెండూ మెర్జ్ చేద్దాం అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి, మెర్జ్‌లో ఫాలోవర్స్ కలుస్తారు గానీ కలిసిపోయిన పేజీలోని పోస్టులు, ఫోటోలు, రివ్యూలు తుడిచిపెట్టుకుపోతాయి.

యూట్యూబ్‌లో ఈ బాధ తక్కువ, హ్యాండిల్ మార్చినా పాత హ్యాండిల్ లింకు 14 రోజులు పనిచేస్తుంది. వెరిఫైడ్ టిక్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, చానల్ పేరు మారిస్తే టిక్ పోతుంది, మళ్లీ అప్లై చేసుకోవాలి.

గూగుల్ మ్యాప్స్‌ది అన్నిటికన్నా చివర చెయ్యండి. పేరు మారిస్తే మళ్లీ వెరిఫికేషన్ అడగొచ్చు, షాపు బోర్డు కనపడేలా వీడియో తీసి పంపమంటుంది, బోర్డు మీద ఇంకా పాత పేరే ఉంటే ఇరుక్కుంటారు. ముందు బోర్డు, తర్వాత గూగుల్. ఉన్న ప్రొఫైల్‌లోనే పేరు ఎడిట్ చేస్తే రివ్యూలన్నీ ఉంటాయి. పాతదాన్ని "శాశ్వతంగా మూసివేశారు" అని పెట్టి కొత్తది తెరిచినవాళ్లని చూశాను, ఇక కస్టమర్లు పాత పేరు వెతికితే షాపు మూసేశారనే కనపడుతుంది, ఆన్‌లైన్‌లో ఇంతకన్నా పెద్ద నష్టం ఉండదు.

వాట్సాప్, ఆ తర్వాత డబ్బు కట్టే చోట

నంబరు మార్చకండి, ఏ కారణం చేతా. కస్టమర్ మీ నంబరు సేవ్ చేసుకుని ఉంటే వాళ్ల ఫోన్లో కనపడేది వాళ్లు రాసుకున్న పేరే, మీరు బిజినెస్ యాప్‌లో ఏం పెట్టినా "సిరి చీరలు ఆంటీ" అనే ఉంటుంది. ఇది అడ్డంకి అనుకున్నాం మొదట్లో, నిజానికి ఇదే పెద్ద బలం, పేరు మారినా వాళ్ల ఫోన్లో మీరు పాత మనిషే. కాబట్టి మార్పు సంగతి బ్రాడ్‌కాస్ట్‌లో ఒకసారి చెప్పండి, నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది, మిగతావాళ్ల కోసం గ్రీటింగ్ మెసేజ్‌లో "సిరివాకిలి, ఇంతకుముందు సిరి సారీస్" అని పెట్టండి.

అసలు కన్ఫ్యూజన్ వచ్చేది పేమెంట్ దగ్గర. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు అందుకునేవాళ్ల బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ రూలు. కరెంట్ అకౌంట్ సిరి సారీస్ పేరు మీద ఉంటే, సిరివాకిలి అని చూసి కొనడానికొచ్చిన కొత్త మనిషికి కట్టే ముందు వేరే పేరు కనపడుతుంది, అక్కడే ఆగిపోతారు. మాకు మొదటి పది రోజుల్లో వచ్చిన ఫోన్లలో ఎక్కువ ఇవే, "ఏవండీ, పేరు వేరే చూపిస్తోంది, కొట్టమంటారా వద్దా" అని. జీఎస్టీ ఉన్నవాళ్లు ట్రేడ్ నేమ్ మార్చుకున్న 15 రోజుల్లోపు పోర్టల్‌లో అమెండ్‌మెంట్ పెట్టాలి, బ్యాంకు వాళ్లు మార్పుకి ఆ కాగితమే అడుగుతారు, అంటే బ్యాంకులో పేరు మారేసరికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మధ్యకాలానికి క్యూఆర్ పంపే ప్రతిసారీ కింద ఒక లైన్ రాయండి, "కట్టేటప్పుడు సిరి సారీస్ అని కనపడుతుంది, అది మా పాత పేరే". ఈ ఒక్క లైన్ పెట్టాక ఆ ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

ఇన్‌స్టా ఇన్‌సైట్స్‌లో అన్‌ఫాలోలు చూడండి, కానీ పోలిక ఉండాలి, మార్చే ముందు రెండు వారాలవి రాసిపెట్టుకోండి. మాకు మామూలుగా వారానికి 25, 30 మంది పోతుండేవాళ్లు, పేరు మార్చిన వారం 90 దాకా పోయారు, రెండో వారం 40, తర్వాత మామూలే. మొదటి వారం పెరగడం సహజం, రెండో వారం కూడా తగ్గకపోతే ఎక్కడో గుర్తుపట్టడం లేదని అర్థం, అప్పుడు చూడాల్సింది ప్రొఫైల్ ఫోటో, తర్వాత పోస్టుల తీరు. చాలామంది పేరుతో పాటు ఫోటోలు తీసే స్టైల్, మ్యూజిక్, భాష అన్నీ మార్చేస్తారు, వదిన రోజూ "నమస్తే అండీ" అని మొదలెట్టే లైవ్‌ని మేం ఒక్క రోజు కూడా ఆపలేదు.

ఇంకో పరీక్ష, వేరేవాళ్ల ఫోన్లో పాత పేరు సెర్చ్ చెయ్యండి, వారానికోసారి. మొదట మనం రావాలి, లేదా మనం పెట్టిన పాత హ్యాండిల్ రావాలి. తెలియని అకౌంట్ వచ్చి అందులో మన ఫోటోలుంటే వెంటనే రిపోర్ట్ కొట్టి కస్టమర్లకి స్టోరీలో చెప్పాలి.

పేరు పక్కన పాత పేరు ఎన్నాళ్లు ఉంచాలి అని వదిన అడిగింది, ఆవిడకి అది చూడ్డానికి ముచ్చటగా లేదు. డేట్ పెట్టుకోకుండా లెక్క పెట్టుకున్నాం, "మీరు సిరి సారీస్ వాళ్లేనా" అని ఎంతమంది అడుగుతున్నారో కౌంటర్ దగ్గర నోట్‌బుక్‌లో గీతలు. మొదటి నెల రోజుకి ఆరేడు గీతలు, మూడో నెలలో వారానికి రెండు మూడు. ఒక వారం మొత్తం ఒక్క గీతా పడనప్పుడు పేరులోంచి తీసేశాం. బయోలో మాత్రం "ఇంతకుముందు సిరి సారీస్" ఇంకా ఉంది, పండగకొకసారి మాత్రమే కొనే అమెరికా, ఆస్ట్రేలియా కస్టమర్లు దసరా దాకా మన వైపే చూడరు కదా, వాళ్ల కోసం. పార్సిల్ మీద అంటించే స్టిక్కర్‌లో కూడా చిన్న అక్షరాల్లో ఆ లైన్ ఇంకో ఏడాది ఉంటుంది.